అటాచ్‌మెంట్ మర్చిపోయిన విద్యార్థి కథ సారీ దగ్గరే ఆగిపోతోంది, ముందుకు ఎలా నడపాలి?

ప్రశ్న: "నేను ఒక చిన్న కథ రాస్తున్నాను. వినయ్ అనే కుర్రాడు గడువు రాత్రి ఫిజిక్స్ ల్యాబ్ రిపోర్టు మేడమ్‌కి మెయిల్ చేస్తాడు, కానీ ఫైల్ అటాచ్ చేయడం మర్చిపోతాడు. పొద్దున్నే ఫైల్ లేదని మేడమ్ మెయిల్ పెడతారు. ఇక్కడివరకు బాగానే వచ్చింది. తర్వాత ఏం రాసినా వాడు సారీ చెప్పి ఫైల్ పంపడం, ఆవిడ సరే అనడంతో కథ అయిపోతోంది. ఆవిడని కోపిష్టిగా మార్చి చూశాను, అదీ కుదరలేదు. ఏం చేయాలి?"

సారీతో కథ అయిపోతోందంటే, పొద్దున వినయ్ తేల్చుకోవాల్సింది ఏమీ లేదన్నమాట. ఫైల్ ఉంది, పంపాలి, పంపేశాడు. అందుకని వాడి చేత ఆ ఫైల్‌ని పంపేముందు ఒకసారి తెరిపించండి. తెరవగానే అందులో ఒక తప్పు కనపడాలి. దిద్దడానికి ఐదు నిమిషాలు చాలు, కానీ గడువు రాత్రే దాటిపోయింది. ఇక పాఠకుడు "మేడమ్ ఒప్పుకుంటారా లేదా" అని చూడడు, "వీడు ఏ ఫైల్ పంపుతాడు" అని చూస్తాడు. మీ కథ అక్కడ మొదలవుతుంది.

నేను చాలా ఏళ్లుగా ఫిజిక్స్ ల్యాబ్ చూస్తున్నాను, రిపోర్టులు దిద్దుతున్నాను. కాలేజీ పత్రికకి పిల్లలు రాసే కథలు కూడా నా చేతి మీదుగానే వెళ్తాయి. ముందు మేడమ్ సంగతి చెప్తాను. ఆవిడ పాత్ర సరిగ్గా పడితే వినయ్ పాత్ర సగం దానంతట అదే పడుతుంది.

గడువు రాత్రి టీచర్ ఇన్‌బాక్స్‌లోకి దాదాపు ఒకే సబ్జెక్టుతో క్లాసు మొత్తం మెయిళ్లు వచ్చి పడతాయి. ఫైల్ ఉన్నవాటి పక్కన పేపర్‌క్లిప్ గుర్తో, ఫైల్ పేరో ఉంటుంది. లేనిదాని పక్కన ఏమీ ఉండదు. ఆ లేనిదాన్ని ఎవరూ పనిగట్టుకుని వెతకరు. దిద్దడానికి కూర్చుని ఒక్కొక్క ఫైల్ డౌన్‌లోడ్ చేసుకుంటున్నప్పుడే అది బయటపడుతుంది. అది మర్నాడు కావచ్చు, నాలుగో రోజూ కావచ్చు. మీ కథలో పొద్దున్నే మెయిల్ వచ్చిందంటే ఆవిడ పొద్దున్నే దిద్దడానికి కూర్చున్నారని అర్థం. ఆ ముక్క ఎక్కడో ఒక వాక్యంలో పడాలి, లేకపోతే ఆ మెయిల్ కథ కోసం వచ్చినట్టు ఉంటుంది.

అప్పుడు ఆవిడకి కలిగేది కోపం కాదు, సందేహం. నిజంగా మర్చిపోయినవాడి మెయిలూ, రిపోర్టు పూర్తికాక కావాలనే ఖాళీ మెయిల్ పంపి ఒక రాత్రి సంపాదించుకున్నవాడి మెయిలూ చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి. ఈ రెండో రకం పిల్లలు ఉన్నారు. ఖాళీ మెయిల్ కాకుండా తెరుచుకోని ఫైల్ పంపేవాళ్లూ ఉన్నారు. టీచర్లకి ఈ ఎత్తులు కొత్త కాదు. కానీ మెయిల్ చూసి వీడు ఫలానా రకం అని చెప్పడం కుదరదు. అనుభవం ఉన్న టీచర్ ఆ ప్రయత్నం కూడా చేయరు. ఒక్క ముక్క రాసి తన పని తను చూసుకుంటారు:

"వినయ్, నీ మెయిల్‌లో ఫైల్ లేదు. చూసి పంపు."

ఇందులో తిట్టు లేదు, క్షమించానన్న మాటా లేదు. గడువు గురించి ఒక్క అక్షరం లేదు. ఇలాంటి మెయిల్ చదివిన పిల్లాడికి తిట్టు తిన్నవాడికంటే ఎక్కువ టెన్షన్ ఉంటుంది, ఎందుకంటే ఆవిడ ఏమనుకున్నారో వాడే ఊహించుకోవాలి. మీ కోపిష్టి మేడమ్ కుదరకపోవడానికి కారణం ఇదే అనుకుంటాను. ఆవిడ అరిస్తే పాఠకుడు వినయ్ వైపు చేరిపోతాడు, ఆ తర్వాత వాడు ఏం చేసినా "పాపం, భయపడి చేశాడు" అని చెల్లిపోతుంది. ఆవిడ మామూలుగా రాస్తే ఆ తర్వాత వాడు చేసేదంతా వాడి ఇష్టంతో చేసినదే అవుతుంది.

ఇక్కడే ఒక చిక్కు తీర్చేయండి. మెయిల్‌లో ఫైల్ పంపుతున్నానని రాసి, ఫైల్ పెట్టకుండా Send నొక్కితే జీమెయిల్ లాంటివి ఆపి అడుగుతాయి. "మరి వినయ్‌ని ఎందుకు అడగలేదు?" అని చదివేవాళ్లలో కొందరికి తప్పకుండా అనుమానం వస్తుంది. ఆ హెచ్చరిక మెయిల్‌లోని మాటలని బట్టి వస్తుంది. "అటాచ్ చేశాను" అని అర్థమిచ్చే మాట లేకపోతే అది అడగదు. అందుకని వాడి చేత సబ్జెక్టు మాత్రం రాయించండి, లోపల ఏమీ వద్దు. గడువుకి పది నిమిషాల ముందు పిల్లలు పంపే మెయిళ్లు చాలావరకు ఇలాగే ఉంటాయి. "రెస్పెక్టెడ్ మేడమ్" అని మొదలుపెట్టి నాలుగు వాక్యాలు రాసేవాడు సాయంత్రమే పంపేసి ఉంటాడు.

ఇప్పుడు తప్పు విషయం. ఎలాంటి తప్పు అన్నదాని మీదే కథ బరువంతా ఉంది. అక్షర దోషం అయితే ఎవరికీ పట్టదు. రిపోర్టు సగమే ఉంది అంటే వాడు రాత్రి పని ఎగ్గొట్టినట్టు అవుతుంది, అది వేరే కథ. వాడు నిజాయితీగా పని చేసి ఉండాలి, అయినా తప్పు పెద్దదై ఉండాలి, కనపడిన క్షణంలో తప్పని తెలిసిపోవాలి. మీరు ఎలాగూ ఫిజిక్స్ ల్యాబ్ అన్నారు కాబట్టి లోలకం ప్రయోగం పెట్టండి. దారానికి చిన్న గుండు కట్టి ఊపి, 20 ఊపులకి ఎంతసేపు పట్టిందో స్టాప్‌వాచ్‌తో కొలిచి, దాన్నుంచి గురుత్వ త్వరణం g లెక్క కట్టడం. సూత్రం ఇది:

```
g = 4π²L / T²
```

L అంటే లోలకం పొడవు, T అంటే ఒక ఊపుకి పట్టే సమయం. వినయ్ పట్టికలో మూడు వరసలు చాలు. 0.60 మీటర్ల పొడవుకి 20 ఊపులు 31.0 సెకన్లు, 0.80 మీటర్లకి 35.8, 1.00 మీటరుకి 40.2. ఇరవైతో భాగిస్తే T విలువలు 1.55, 1.79, 2.01. ఈ కొలతలన్నీ చక్కగా వచ్చినవే. వాడు చేసిన తప్పల్లా సాయంత్రం క్యాలిక్యులేటర్‌లో T ని స్క్వేర్ చేయకుండా ఒట్టి T తో భాగించడం. అప్పుడు g విలువలు 15.3, 17.6, 19.6 వస్తాయి, సగటు 17.5. స్క్వేర్ చేసి ఉంటే 9.86, 9.86, 9.77 వచ్చేవి, సగటు 9.83.

ఈ తప్పు ఎందుకు బాగుంటుందంటే, లెక్క మళ్లీ చేయకుండానే అది పట్టుబడుతుంది. పొడవు ఎంతైనా g మారకూడదు. వినయ్ పట్టికలో అది వరస దిగేకొద్దీ పెరుగుతూ పోతోంది. దిద్దేవాళ్ల కన్ను మొదట పడేది అక్కడే. రాత్రి టైప్ చేస్తున్నప్పుడు నిద్రమత్తులో వాడికి కనపడలేదు, పొద్దున కనపడింది, అంతే. పాఠకుడికి ఫిజిక్స్ రాకపోయినా ఇబ్బంది లేదు. "మూడూ ఒకటే రావాలి, పెరుగుతూ పోయాయి" అన్న ఒక్క వాక్యం చాలు.

దీనికి ఇంకొకటి కలపండి, ల్యాబ్ రిపోర్టులు దిద్దే ఎవరిని అడిగినా చెప్తారు. విలువ తేడాగా వస్తే పిల్లలు లెక్క మళ్లీ చూసుకోరు, కారణం రాసేస్తారు. వినయ్ కూడా చివర్లో "గాలి నిరోధం వల్ల విలువలో తేడా వచ్చింది" అని రాసి ఉంటాడు. 9.8 రావాల్సింది దాదాపు రెట్టింపు వస్తే గాలి మీద పెట్టేశాడు. పొద్దున వాడిని నిజంగా సిగ్గుపడేలా చేసేది లెక్క కాదు, ఈ వాక్యం. లెక్కలో తప్పు తెలియక చేసింది. ఈ వాక్యం మాత్రం ఏదో తేడాగా ఉందని తెలిసి రాసింది.

ఇంతవరకు వచ్చాక చాలామంది ఫైల్ టైమ్ దగ్గరికి వెళ్తారు. వినయ్ దిద్దిన ఫైల్ పంపుతాడు, మేడమ్ ఆ ఫైల్ వివరాలు తెరిచి పొద్దున 9:26కి మార్చారని పట్టేసుకుంటారు. నాకు ఈ దారి నచ్చదు. కారణం చెప్తాను. వర్డ్ ఫైల్ చివరిసారి ఎప్పుడు సేవ్ అయిందో ఆ ఫైల్ లోపలే రాసి ఉంటుంది, మెయిల్‌లో పంపినా ఆ వివరం వెంట వెళ్తుంది, అది నిజమే. ఊరికే తెరిచి మూసేస్తే మారదు, సేవ్ చేస్తే మారుతుంది. కానీ దాన్ని నమ్మి తీర్పు చెప్పలేం. రాత్రి పూర్తిచేసిన వర్డ్ ఫైల్‌ని పొద్దున పీడీఎఫ్ చేసి పంపితే ఆ పీడీఎఫ్ పుట్టిన సమయం పొద్దునే అని ఉంటుంది, అక్షరం మారకపోయినా సరే. అలా నిజాయితీపరుడు దొంగలా కనపడతాడు. ఇంకోవైపు కంప్యూటర్ గడియారం వెనక్కి తిప్పి సేవ్ చేసినవాడు నిజాయితీపరుడిలా కనపడతాడు. ఏ టీచరూ అన్ని రిపోర్టుల లోపలి వివరాలు తెరిచి చూస్తూ కూర్చోరు కూడా. ఈ టైమ్ సంగతి వినయ్ భయంగా వాడుకోండి, మేడమ్ చేతిలో ఆధారంగా వద్దు.

మాకు విషయం తెలిసేది ఫైల్ వివరాల వల్ల కాదు, రెండు రిపోర్టులు పక్కపక్కన పెట్టడం వల్ల. ల్యాబ్‌లో పిల్లలు ఇద్దరిద్దరుగా చేస్తారు. కొలతలు ఇద్దరివీ ఒకటే, రిపోర్టులు మాత్రం వేరు. కాబట్టి దిద్దేటప్పుడు జంటని కలిపే దిద్దుతాం. మీ కథలో లేని మనిషి ఇక్కడే కావాలి. రమ్య అనుకుందాం, వినయ్ ల్యాబ్ పార్ట్‌నర్. కొలతలు ఇద్దరూ కలిసి తీసుకున్నారు. g కాలమ్ లెక్క కట్టింది వినయ్. అది ఫోన్‌లో ఫోటో తీసి పంపితే రమ్య నమ్మి తన పట్టికలో ఎక్కించుకుంది. తన రిపోర్టు సాయంత్రమే ఫైల్‌తో సహా పంపేసింది. ఆ ఫైల్‌లో 15.3, 17.6, 19.6 ఉన్నాయి. ఇప్పుడు వినయ్ తన ఫైల్ దిద్దుకుంటే వాడు చేసిన తప్పు రమ్య ఒక్కదాని దగ్గరే మిగిలిపోతుంది.

నా దగ్గర ఇలాంటిది జరిగింది. ఇద్దరి కొలతలూ దశాంశాలతో సహా ఒకటే, ఒకరి ఫలితం సరైనది, రెండోవారిది కాదు. నేను మొదట అడిగింది తప్పు రాసిన అమ్మాయిని. అది సహజం, తప్పున్నచోటే ఎవరైనా అడుగుతారు. ఆ పిల్ల నేలచూపులు చూస్తూ "ఆ లెక్క నేను చేయలేదండీ" అని మాత్రం అంది, ఎవరు చేశారో చెప్పలేదు. పక్కన నిలబడ్డ అబ్బాయి ముఖం చూస్తే నాకు అర్థమైంది. ఆ గదిలో ఎవరూ గొంతు పెంచలేదు. మీ కథకి అలాంటి క్షణం కావాలి.

రాసి చూపిస్తే తేలికగా ఉంటుంది. పొద్దున దృశ్యం నేనైతే ఇలా రాస్తాను, మీ గొంతులోకి మార్చుకోండి:

*Sent లోకి వెళ్లి రాత్రి మెయిల్ తెరిచాడు. 11:48. సబ్జెక్టు ఉంది, కింద ఏమీ లేదు. ఫైల్ ఉండాల్సిన చోట కూడా ఏమీ లేదు. కాసేపు అలాగే చూశాడు, చూస్తుంటే వస్తుందేమో అన్నట్టు.*

*రిపోర్టు డెస్క్‌టాప్ మీదే ఉంది. పంపేముందు ఒకసారి సరైనదేనా అని తెరిచాడు. మొదటి పేజీ, పటం, పట్టిక. పట్టిక దగ్గర ఆగాడు. 15.3. 17.6. 19.6. రాత్రి ఇవి తనే టైప్ చేశాడు. క్యాలిక్యులేటర్ తీసి మూడో వరస మళ్లీ చేశాడు. 9.77.*

*కిందకి వెళ్తే ఆఖరి పేరాలో గాలి నిరోధం ఉంది.*

*మూడు అంకెలు, ఒక సగటు, ఒక వాక్యం. మార్చాడు. సేవ్ నొక్కబోతూ ఆగాడు. ఫైల్ మీద ఇంకా రాత్రి 11:41 అనే ఉంది. నొక్కితే అది పోతుంది. ఫోన్ మోగింది, రమ్య. "మేడమ్ దిద్దడం మొదలుపెట్టారట, నీది చేరిందా?"*

*"ఆ, చేరింది" అన్నాడు.*

చూశారా, ఇక్కడ వాడు మేడమ్‌కి ఇంకా ఏ అబద్ధమూ చెప్పలేదు. మొదటి అబద్ధం రమ్యకి చెప్పాడు, అదీ అవసరం లేకుండా. గడువు దాటాక ఫైల్ పంపడం కన్నా ఆ "చేరింది" అన్న మాటే తర్వాత వాడికి బరువవుతుంది. రమ్య ఫోన్ చేసినప్పుడు వాడికి చెప్పే అవకాశం వచ్చింది, "మన లెక్క తప్పు, నాదే పొరపాటు" అని. చెప్పలేదు.

ఇక్కణ్ణించి దారులు రెండు.

మొదటిది, వాడు మార్పులు సేవ్ చేయకుండా రాత్రి ఫైల్ ఉన్నది ఉన్నట్టు పంపడం. ఒట్టి ఫైల్ పంపితే చాలదు, మెయిల్‌లో మాట ఉండాలి. నిజంగా ఇలాంటి పరిస్థితిలో ఉన్న పిల్లలకి నేను చెప్పేది కూడా ఇదే: "మేడమ్, రాత్రి ఫైల్ పెట్టడం మర్చిపోయాను. రాత్రి ఉన్నది ఉన్నట్టే పంపుతున్నాను. ఇప్పుడు తెరిస్తే T ని స్క్వేర్ చేయలేదని తెలిసింది, దిద్దలేదు. g లెక్క చేసింది నేనే, రమ్య నా దగ్గర చూసి ఎక్కించుకుంది." ఈ మెయిల్ చదివిన టీచర్‌కి సందేహం ఉండదు. ఒక రాత్రి సంపాదించుకోవాలనుకున్నవాడు తప్పున్న రిపోర్టు పంపడు కదా. ఆ తప్పే వాడికి సాక్ష్యం. మామూలు జీవితంలో ఇంతకన్నా మంచి దారి లేదు. కథలో మాత్రం ఇది చిన్నగా ముగిసిపోతుంది, వినయ్ మరీ మంచివాడైపోతాడు. ఈ దారే కావాలంటే ఆ చివరి వాక్యం, రమ్య గురించిన వాక్యం, వాడు రాసి చెరిపి మళ్లీ రాయాలి. మొదట రాసినప్పుడు తన నిజాయితీ కోసం రాస్తాడు. దానివల్ల రమ్య చూసి రాసినట్టు మేడమ్‌కి తెలిసిపోతుందని చెరిపేస్తాడు. రాయకపోతే ఆ అమ్మాయి తప్పు ఆ అమ్మాయిదే అవుతుంది. ఆ ఇబ్బంది నిజమైనది, పాఠకుడికి కూడా జవాబు తోచదు.

రెండోది, దిద్దిన ఫైల్ పంపడం. నేనైతే మీ కథకి దీన్నే ఎంచుకుంటాను. "సారీ మేడమ్, ఫైల్ పెట్టడం మర్చిపోయాను" అని ఒక్క ముక్క రాసి పంపుతాడు. మేడమ్ "అందింది" అని జవాబిస్తారు. అంతా సవ్యంగా అయిపోయినట్టే ఉంటుంది, ఆ రోజంతా వాడికి తేలికగా కూడా అనిపించాలి. ఆ తేలికదనం ఒక పేరా రాయండి. క్యాంటీన్‌కి వెళ్తాడు, రమ్యతో మామూలుగా మాట్లాడతాడు. తర్వాతి ల్యాబ్ రోజున మేడమ్ రెండు ప్రింట్లు బల్ల మీద పెడతారు.

*"రమ్యా, ఈ మూడూ పెరుగుతూ పోయాయి, చూసుకోలేదా?"*

*రమ్య తన కాగితం చూసింది, పక్కన ఉన్న వినయ్ కాగితం చూసింది. 9.86, 9.86, 9.77. ఆ అంకెలు ఆమె ఎప్పుడూ చూడలేదు. వినయ్ వైపు తిరగలేదు.*

*"చూసుకోలేదు మేడమ్" అంది.*

*మేడమ్ రెండో కాగితం తన వైపు తిప్పుకుని కాసేపు చూశారు. "వినయ్, ఈ లెక్క ఎప్పుడు చేశావు?"*

మేడమ్ ప్రశ్న ఎలా ఉందో గమనించండి. "దిద్దావా" అని అడగలేదు, "ఎప్పుడు చేశావు" అని అడిగారు. ఆవిడకి తెలిసింది ఒక్కటే, ఒకే కొలతలకి రెండు జవాబులు ఉన్నాయని. ఫైల్ లేని మెయిల్ గుర్తొచ్చింది. రుజువు లేదు. రుజువు లేని టీచర్ నింద వేయరు, జవాబుకి చోటిచ్చే ప్రశ్న అడుగుతారు. దీనికి వినయ్ ఏ జవాబైనా చెప్పొచ్చు, "రాత్రి" అన్నా ఆవిడ కాదనలేరు. వాడి ఎదురుగా రమ్య ఉంది, తను ఇందాకే వాడి పేరు చెప్పకుండా ఊరుకుంది. కాబట్టి వాడు నిజం చెప్తే అది మేడమ్ పట్టుకున్నారని కాదు, రమ్య పట్టివ్వలేదని. నా దృష్టిలో కథలో అత్యంత ముఖ్యమైన మలుపు ఇదే. రమ్య చేత నేరం చెప్పించారంటే ఇది పోతుంది.

మేడమ్ ఆ తర్వాత ఏం చేస్తారన్నది కూడా నిజానికి దగ్గరగా ఉండాలి. కాలేజీ నుంచి పంపేయడాలు, పేరెంట్స్‌ని పిలిపించడాలు పెట్టకండి, ఒక ల్యాబ్ రిపోర్టుకి అంత దూరం ఎవరూ వెళ్లరు. ల్యాబ్ రిపోర్టులో మార్కులు విడివిడిగా ఉంటాయి: కొలతలకి కొన్ని, పట్టికకి కొన్ని, గ్రాఫుకి కొన్ని, లెక్కకి కొన్ని. పద్ధతి సరిగా ఉండి ఒక్కచోట స్క్వేర్ మర్చిపోతే పదికి ఒకటో రెండో పోతాయి, అంతే. పిల్లలకి ఈ సంగతి తెలియదు, తప్పుంటే రిపోర్టు మొత్తం పోతుందనుకుంటారు. మేడమ్ నోట ఈ మాట మామూలుగా రావాలి, బోధ చేస్తున్నట్టు కాదు: "స్క్వేర్ మర్చిపోతే ఒక మార్కు వినయ్." వాడు అంత చేసింది ఒక మార్కు కోసమని అప్పుడు తెలుస్తుంది. దాని మీద ఇంకేమీ వ్యాఖ్యానించకండి. గాలి నిరోధం వాక్యం మాత్రం రమ్య రిపోర్టులో ఉండొద్దు. ఆ అమ్మాయి అక్కడ "విలువ ఎక్కువ వచ్చింది, కారణం తెలియలేదు" అని రాసి ఉంటే మేడమ్‌కి ఎవరి రిపోర్టు మీద ఎక్కువ నమ్మకం కలుగుతుందో మీకే తెలుస్తుంది. ఆ వాక్యానికి ఆవిడ టిక్కు పెట్టి ఉండొచ్చు కూడా.

మీ డ్రాఫ్టులో వినయ్ సారీ మెయిల్ పొడుగ్గా ఉంటే కత్తిరించండి. కరెంటు పోయింది, నెట్ స్లో అయింది, ఫైల్ పెట్టాను కానీ వెళ్లలేదేమో, ఇలా ఒకటికి మూడు కారణాలు రాసే పిల్లల మెయిళ్లే మాకు సందేహం పుట్టిస్తాయి. "పెట్టాను, దారిలో పోయింది" అన్నది మరీ పనికిరాదు. ఫైల్ పెద్దదైతే మెయిల్ అసలు వెళ్లనివ్వదు, లేదా లింకుగా మారుస్తుంది. జీమెయిల్‌లో ఆ హద్దు 25 ఎంబీ. నాలుగు పేజీల వర్డ్ ఫైల్ దానికి దరిదాపుల్లో ఉండదు. పైగా Sent లో ఉన్న కాపీలో కూడా ఫైల్ లేదంటే అది పెట్టనే లేదని అర్థం. మీరు వినయ్‌ని అబద్ధాలకోరుగా చూపించాలనుకుంటే ఈ మాట వాడండి, లేకపోతే వాడి నోట రానివ్వకండి.

రమ్యకి ఎన్ని పేరాలు ఇవ్వాలన్నది మీకే వదిలేస్తాను. నాకైతే ఫోన్ దగ్గర ఒకసారి, బల్ల దగ్గర ఒకసారి కనపడితే సరిపోతుంది, ఆమె మనసులో ఏముందో రాయనక్కర్లేదు. వినయ్ మేడమ్‌కి జవాబు చెప్పాడా, ఏమని చెప్పాడు అన్నది మాత్రం దాచకండి. ఇంతదూరం తీసుకొచ్చాక జవాబు చెప్పకుండా కథ ముగిస్తే చదివినవాళ్లకి కోపం వస్తుంది, అది న్యాయమే. "పొద్దున చేశాను మేడమ్, రాత్రి నాదీ అంతే ఉంది" అన్న ఒక్క వాక్యం చాలు.

రాయడం అయ్యాక టైములన్నీ ఒక కాగితం మీద వరసగా పెట్టి చూసుకోండి: రమ్య సాయంత్రం పంపింది, వినయ్ 11:41కి చివరిసారి సేవ్ చేశాడు, 11:48కి మెయిల్ పంపాడు, గడువు 12, మేడమ్ మెయిల్ పొద్దున 9:10, దిద్దిన ఫైల్ 9:30 లోపు. రమ్యకి లెక్క ఫోటో సాయంత్రమే వెళ్లాలి కాబట్టి వినయ్ ఆ g కాలమ్ సాయంత్రానికే కట్టి ఉండాలి, రాత్రి చేసింది టైప్ చేయడం మాత్రమే.